కారు మీ ఎత్తుకు సరిపోతుందా? కొనేముందు కూర్చుని తేల్చుకునే పద్ధతి

షోరూంలో మిమ్మల్ని కూర్చోబెట్టే కారు, చివరికి మీ ఇంటికి వచ్చే కారు ఒకటే కాకపోవచ్చు. శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా షోరూంలో చూపించడానికి, టెస్ట్ డ్రైవ్‌కి ఉంచేది చాలాసార్లు టాప్ వేరియంటే. మనం డబ్బు లెక్క చూసుకుని బుక్ చేసేది దానికి ఒకటి రెండు మెట్లు కిందది. సగటు ఎత్తు ఉన్నవాళ్లకి ఆ తేడా అలాయ్ చక్రాల దగ్గరో, పెద్ద టచ్‌స్క్రీన్ దగ్గరో ఆగిపోతుంది. బాగా పొట్టిగా ఉన్నవాళ్లకి, బాగా పొడుగ్గా ఉన్నవాళ్లకి అలా కాదు. సీటును పైకి లేపే మీట, స్టీరింగును మన వైపుకీ డాష్‌బోర్డు వైపుకీ జరిపే ఏర్పాటు... ధర తగ్గించేటప్పుడు కంపెనీలు తరచుగా తీసేసేవి ఇవే. వీళ్లకి కారు నడపగలగడం, నడపలేకపోవడం తేల్చేవీ ఇవే.

అందుకే ఈ వ్యాసంలో ఫలానా కారు కొనండి అని చెప్పను. ఒకే కారు ఒక వేరియంట్‌లో మీకు సరిపోతుంది, ఇంకో వేరియంట్‌లో సరిపోదు. వచ్చే ఏడాది ఆ వేరియంట్ల పేర్లే మారిపోతాయి. కూర్చుని తేల్చుకునే పద్ధతి మాత్రం మారదు. దాన్ని మా ఇంట్లో జరిగిన ఎంపికతోనే చెబుతాను. మా వదిన 147 సెంటీమీటర్లు, అంటే 4 అడుగుల 10 అంగుళాలు. అన్నయ్య 188 సెంటీమీటర్లు, 6 అడుగుల 2 అంగుళాలు. ఇద్దరికీ కలిపి ఒకటే కారు. వదిన టీచరు, కాపురం విజయనగరంలో, స్కూలు ఎచ్చెర్ల వైపు. వారంలో ఐదారు రోజులు కారు ఆమె చేతిలో, ఆదివారాలూ పెళ్లిళ్లూ అన్నయ్య చేతిలో.

ఒక సంగతి ముందే తెలిస్తే వదిన లాంటివాళ్లు తమలోనే లోపముందని అనుకోరు. కారు గుద్దుడు పరీక్షల్లో వాడే బొమ్మల్లో 'చిన్న ఆడమనిషి' అని ఒకటుంది. అమెరికా ఆడవాళ్లలో నూటికి ఐదుగురు మాత్రమే అంతకన్నా చిన్నగా ఉంటారన్న లెక్కతో చేసింది అది. దాని ఎత్తు సుమారు 152 సెంటీమీటర్లు. మన దేశంలో ఆడవాళ్ల సగటు ఎత్తు దాదాపు అంతే! మామూలుగా వాడే మగ బొమ్మ 175 సెంటీమీటర్లు, మన మగవాళ్ల సగటు కన్నా బాగా ఎక్కువ. అక్కడ అరుదైన కొలతగా లెక్కేసింది ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఉందన్నమాట.

మొదట ఇంట్లో కొలుచుకోండి

నిలబడిన ఎత్తు కారులో సగమే పనికొస్తుంది. గోడకి ఆనించి గట్టి స్టూలు వేసుకుని నిటారుగా కూర్చోండి. స్టూలు మీద నుంచి నడినెత్తి దాకా ఒక కొలత, కంటి దాకా ఒక కొలత తీయించుకోండి. తర్వాత వీపు గోడకి ఆనించి ఉండగానే, గోడ నుంచి మోకాలి చిప్ప దాకా ఇంకో కొలత. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్లు పొడుగు, ఒకరికి నడుము పైభాగం పొడుగు ఉండొచ్చు. మొదటివాళ్ల గొడవ స్టీరింగుతో, రెండోవాళ్ల గొడవ కారు కప్పుతో.

వదినకి కూర్చున్న ఎత్తు 77 సెంటీమీటర్లు వచ్చింది, అన్నయ్యకి 97. తేడా 20. కార్లలో సీటు ఎత్తు మార్చే మీట ఇచ్చే వెసులుబాటు సాధారణంగా ఐదారు సెంటీమీటర్లే. అంటే మీట ఉన్నంత మాత్రాన ఇద్దరికీ సరిపోయినట్టు కాదని ఇంట్లోనే తెలిసిపోయింది. మిగతాది స్టీరింగు, కప్పు ఎత్తు, బానెట్ వాలు కలిసి భర్తీ చెయ్యాలి.

షోరూంకి వెళ్లేటప్పుడు రోజూ ఏ చెప్పులతో, ఏ బట్టలతో నడుపుతారో వాటితోనే వెళ్లండి. వదిన చీరతో వెళ్లింది. క్లచ్ పూర్తిగా తొక్కేటప్పుడు కుచ్చిళ్లు మడమ కిందకి వస్తున్నాయా లేదా అన్నది చుడీదార్లో వెళితే తెలియదు. ఒక టేపు, పిల్లల 30 సెంటీమీటర్ల స్కేలు సంచిలో వేసుకోండి.

పాదం నుంచి మొదలుపెట్టి పైకి

కారెక్కగానే చాలామంది చేసే పని స్టీరింగు పట్టుకోవడం, దానికి తగ్గట్టు సీటు జరుపుకోవడం. అది తలకిందుల పద్ధతి. పెడళ్లు మన కోసం కదలవు. కాబట్టి ముందు పాదాలు, తర్వాత కళ్లు, ఆ తర్వాత వీపు, చివర్న స్టీరింగు. ఈ వరస తప్పితే ఎవరికైనా ఏ కారైనా సరిపోయినట్టే అనిపిస్తుంది.

పాదాల పరీక్ష ఇలా. నడుము సీటు మూలకి పూర్తిగా ఆనించండి. గేరు కారైతే ఎడమకాలి మునిపాదంతో క్లచ్‌ని నేలకి తగిలేదాకా తొక్కండి. అప్పుడు కూడా మోకాలు కొద్దిగా వంగే ఉండాలి, పిరుదు సీటు మీద ముందుకి జారకూడదు, వీపు వదలకూడదు. ఆటోమేటిక్ అయితే ఇదే పరీక్ష బ్రేకుతో. క్లచ్ సాధారణంగా బ్రేకు కన్నా లోతుగా దిగుతుంది కాబట్టి, గేరు కారులో పొట్టివాళ్లు మరికాస్త ముందుకి జరగక తప్పదు. వదిన విషయంలో క్లచ్ లేని కారులో సీటు నాలుగు సెంటీమీటర్లు వెనక్కి వెళ్లింది. ఆ నాలుగు ఎంత విలువైనవో కాసేపట్లో తెలుస్తుంది. చిన్న ఎత్తువాళ్లకి ఆటోమేటిక్, ఏఎమ్‌టీ సుఖం కోసం కాదు, దూరం కోసం.

పొడగరికి ఇదే చోట వేరే బాధ. సీటు చివరిదాకా వెనక్కి లాగినా క్లచ్ మీద నుంచి కాలు ఎత్తేటప్పుడు మోకాలు స్టీరింగు కింది అంచుకి తగలొచ్చు. కుడి మోకాలు తాళం చెవి దగ్గరో, ఎడమ మోకాలు మధ్యలో ఉన్న కన్సోల్‌కో నిరంతరం ఆనుతూ ఉండొచ్చు. షోరూంలో పది నిమిషాలు కూర్చుంటే అది నొప్పిగా తెలియదు. విశాఖ వెళ్లొచ్చేసరికి కమిలిపోతుంది. బూటు పెద్దదైతే ఇంకోటి చూడాలి: యాక్సిలరేటర్ మీద నుంచి బ్రేకు మీదకి పాదం మార్చేటప్పుడు బూటు కొన పైనున్న ఇనుప బద్దీకి తగులుతోందా, రెండు పెడళ్లూ ఒకేసారి నొక్కుకుంటున్నాయా? ఇంజను ఆపి ఉంచి పదిసార్లు వేగంగా మార్చి చూడండి. ఒక్కసారి తట్టుకున్నా ఆ కారు మీది కాదు.

కళ్ల ఎత్తు, బానెట్ అంచు

ఇప్పుడు సీటు ఎత్తు. మీటని నాలుగైదుసార్లు పైకి లాగితే సీటు మెట్టు మెట్టుగా లేస్తుంది. లేచేటప్పుడు మొత్తం సీటు లేస్తోందా, వెనక భాగం మాత్రమే లేస్తోందా అని పక్కన నిలబడ్డవాళ్లని చూడమనండి. వెనక మాత్రమే లేస్తే కూర్చున్నవాళ్లు ముందుకి జారుతున్నట్టుంటారు, గట్టి బ్రేకు వేసినప్పుడు ఇంకా జారతారు.

పొట్టివాళ్లకి రెండు గుర్తులు. ఒకటి, స్టీరింగు చక్రం పై అంచు కన్నా కళ్లు కనీసం మూడంగుళాలు, అంటే ఏడెనిమిది సెంటీమీటర్లు పైన ఉండాలి. పక్కన కూర్చున్నవాళ్లు స్కేలు అడ్డంగా పెట్టి చూస్తే తేలిపోతుంది. చక్రం సందుల్లోంచి రోడ్డు చూస్తున్నారంటే సీటు ఇంకా లేవాలి, లేదా స్టీరింగు దిగాలి.

రెండోది బానెట్ ముందు ఎంత నేల కనిపించదన్నది. దీనికి బకెట్ పరీక్ష చాలు. షోరూం వాళ్లనడిగి ఒక బకెట్ తెప్పించి బానెట్‌కి ఆనించి పెట్టించండి. మీరు సీట్లో ఉండగా ఎవరైనా దాన్ని మెల్లగా ముందుకి జరుపుతూ పోవాలి. బకెట్ అడుగు మీకు కనిపించిన చోట ఆపి, బంపర్ నుంచి అడుగులు లెక్కపెట్టండి. అంతమేరలో పసిపిల్లాడు ఉన్నా, మేకపిల్ల ఉన్నా పూర్తిగా కనపడరు. కళ్లాలు రోడ్డు మీదకి వచ్చే మన ఊళ్లలో ఈ లెక్క హైదరాబాద్ వాళ్లకన్నా మనకే ఎక్కువ అవసరం.

ఇక్కడ ఒక పాత నమ్మకం గురించి చెప్పాలి. 'పొట్టివాళ్లు ఎత్తు బండి కొనుక్కోవాలి, పైనుంచి బాగా కనిపిస్తుంది' అంటారు. సగమే నిజం. దూరం చూపుకి ఎత్తు బండి మేలే. దగ్గర నేల కనిపించడం మాత్రం బండి ఎత్తు మీద కాదు, మీ కన్ను బానెట్ అంచు కన్నా ఎంత పైన ఉందన్న దాని మీద ఉంటుంది. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. నేల నుంచి కన్ను 115 సెంటీమీటర్లు, బానెట్ ముందు అంచు 95 సెంటీమీటర్లు, కంటికీ ఆ అంచుకీ మధ్య 180 సెంటీమీటర్లు అనుకోండి. కంటి నుంచి ఆ అంచు మీదుగా గీత గీస్తే, అంచుకి ఎనిమిదిన్నర మీటర్ల అవతల గానీ నేల తగలదు. సీటుని ఐదు సెంటీమీటర్లు లేపితే అదే దూరం ఆరు మీటర్ల ఎనభై సెంటీమీటర్లకి తగ్గుతుంది. ఐదు సెంటీమీటర్ల మీట, కారు ముందు మీటరున్నర పైగా నేలని తిరిగి తెచ్చిపెట్టింది. అదే, బానెట్ పొడుగ్గా, బల్లపరుపుగా, ఎత్తుగా ఉన్న ఎస్‌యూవీలో సీటు ఎత్తు పెరిగినా అంచూ దానితోపాటు పెరుగుతుంది కాబట్టి ఈ లాభం రాదు. బానెట్ ముందుకి వాలిపోయే చిన్న కారు చాలాసార్లు నయం.

పొడగరి చూపుకి అడ్డం పైనుంచి వస్తుంది. ముందు అద్దం పై అంచు, దానికి వేలాడే లోపలి అద్దం. కళ్లు ఆ అంచుకి దగ్గరగా ఉంటే సిగ్నల్ దగ్గర మొదటి బండిగా ఆగినప్పుడు దీపం కనిపించదు, మెడ వంచి చూడాలి. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి లాంటి చోట ఎడమ నుంచి వచ్చే ఆటో ఆ లోపలి అద్దం వెనక మొత్తం దాగిపోవచ్చు. సీటు బాగా వెనక్కి పోయినందువల్ల కుడి పక్క నడిమి స్తంభం సరిగ్గా భుజం దగ్గరికి వస్తుంది, వాలుగా కలిసే రోడ్డు చూడాలంటే ముందుకి వంగాలి. పొట్టివాళ్లకి ఇదే బాధ ముందు స్తంభంతో: వాళ్లు దానికి దగ్గరగా కూర్చుంటారు కాబట్టి అది వాళ్ల కంటికి లావుగా కనిపిస్తుంది, మలుపులో ఒక మోటార్ సైకిల్‌ని నిండుగా కప్పేస్తుంది.

తలకీ కప్పుకీ మధ్య పిడికిలి దూరితే మంచిది. నాలుగు వేళ్లు పక్కపక్కన పెడితే పట్టేంత లేకపోతే ఆ కారు వదిలెయ్యండి. గుంతలో పడ్డప్పుడు తల పైకి లేచి తగులుతుంది. సన్‌రూఫ్ ఉన్న వేరియంట్లో కప్పు లోపలి నుంచి రెండు మూడు సెంటీమీటర్లు, కొన్నిట్లో అంతకన్నా ఎక్కువ దిగుతుంది. పొడుగాటివాళ్లకి డబ్బు పెట్టి తల తగిలించుకోవడమే అది. మా అన్నయ్యకి ముందు అది చాలా ముచ్చటగా కనిపించింది. కూర్చోగానే జుట్టు కప్పుకి రాసుకుంది, ముచ్చట అక్కడితో సరి.

చివర్న స్టీరింగు

స్టీరింగు సర్దుబాటు రెండు రకాలు. చక్రం పైకి కిందకి వంగేది టిల్ట్. చక్రం మొత్తం మన వైపుకి వచ్చేది, తిరిగి డాష్‌బోర్డులోకి పోయేది టెలిస్కోపిక్. మొదటిది ఇప్పుడు చాలా కార్లలో ఉంది. రెండోది ఇప్పటికీ చాలా కార్లలో పై వేరియంట్లకే ఇస్తున్నారు. బ్రోషర్లో 'అడ్జస్టబుల్ స్టీరింగ్' అని మాత్రమే ఉంటే అది టిల్ట్ ఒక్కటే అనుకుని, చేత్తో కదిపి చూసి నమ్మండి. మీట సాధారణంగా స్టీరింగు కాండం కింద ఉంటుంది. దాన్ని వదులు చేసి చక్రాన్ని లాగితే మీ వైపుకి రావాలి. రాకపోతే లేదన్నమాట. ఈ పని ఎప్పుడూ బండి ఆగి ఉన్నప్పుడే.

రెండు రకాల మనుషులకీ టెలిస్కోపిక్ ఎందుకు ప్రాణమో చూడండి. పొట్టివాళ్లు పెడళ్ల కోసం ముందుకి జరిగారు, చూపు కోసం పైకి లేచారు. లేచిన కొద్దీ పాదం పెడల్‌కి దూరమవుతుంది, కాబట్టి ఇంకాస్త ముందుకి జరిగారు. ఇప్పుడు ఛాతీ చక్రానికి బాగా దగ్గర. ఎయిర్‌బ్యాగు రెప్పపాటు కన్నా వేగంగా విచ్చుకుంటుంది, విచ్చుకునే మొదటి క్షణంలోనే దాని తాకిడి మహా బలంగా ఉంటుంది. అందుకే హారన్ మధ్య నుంచి రొమ్ము ఎముక దాకా కనీసం 25 సెంటీమీటర్లు, అంటే పది అంగుళాలు ఉండాలని అమెరికా రోడ్డు భద్రతా సంస్థ చాలా కాలంగా చెబుతోంది. పిల్లల స్కేలు ఇప్పుడు పనికొస్తుంది: ఒక కొస హారన్ మధ్యలో ఆనించి, ఛాతీ ఎముకకి ఎన్ని సెంటీమీటర్లో చదవండి. తగ్గితే, చక్రాన్ని డాష్‌బోర్డు వైపుకి నెట్టగలిగితేనే దారి. వీపుని ఒక మెట్టు వెనక్కి వాలిస్తే కూడా రెండు మూడు సెంటీమీటర్లు దొరుకుతాయి. టిల్ట్‌ని కిందకి దించి పెట్టుకుంటే బ్యాగు ముఖం వైపు కాక ఛాతీ వైపు చూస్తుంది, పై అంచు కూడా చూపు నుంచి తప్పుకుంటుంది.

పొడగరికి సరిగ్గా దీనికి తిరగేసి. కాళ్ల కోసం సీటు వెనక్కి పోయింది, చక్రం ఉన్నచోటే ఉండిపోయింది. భుజాలు సీటుకి ఆనించి చెయ్యి చాస్తే మణికట్టు చక్రం పై అంచు మీద వాలాలి. వేళ్లు మాత్రమే అందుతున్నాయంటే మలుపులో వీపు వదలాల్సి వస్తుంది. దాన్ని తప్పించుకోవడానికి చాలామంది పొడగరులు సీటు ముందుకి లాక్కుని మోకాళ్లు బార్లా చాపుకుని నడుపుతుంటారు. చక్రం వాళ్ల వైపుకి వస్తే ఆ పాట్లు ఉండవు. టిల్ట్ పైకి ఎత్తి మోకాళ్లకి చోటు చేసుకున్నాక స్పీడు మీటరు కనిపిస్తోందా లేదా కూడా చూసుకోవాలి. చక్రం పై అంచు సరిగ్గా దాని మీదకి వచ్చి కూర్చుంటుంది.

సీటు బెల్టు గురించి రెండు మాటలు. అది భుజం ఎముక మధ్యలోంచి పోవాలి, మెడకి ఒరుసుకోకూడదు. స్తంభం మీద బెల్టు కొక్కేన్ని పైకి కిందకి జరిపే ఏర్పాటు ఉంటే పొట్టివాళ్లకి మేలు.

దిండు మాటేమిటి?

'ఏటమ్మా, కింద దిండేసుకుని కూకుంటే అందదేటి?' అని ఇంటి పెద్దవాళ్లు అంటారు. మెత్తటి దిండు వద్దు. బండి గుద్దుకున్నప్పుడు దిండు అణిగిపోతుంది, నడుం మీదుండాల్సిన బెల్టు పొట్ట మీదకి ఎక్కుతుంది, మనిషి దాని కిందకి జారిపోవచ్చు. వేసుకుంటే పలచగా, గట్టిగా ఉండి జారని సీటు పరుపు, మూడు నాలుగు సెంటీమీటర్లకి మించకుండా. అదైనా కళ్లని లేపుతుంది, పాదాన్ని దూరం చేస్తుంది అన్నది గుర్తుంచుకోవాలి. వీపు వెనక దిండు పెట్టుకుంటే ఛాతీ బ్యాగుకి ఇంకా దగ్గరవుతుంది; పైగా సీటునే ముందుకి జరపగలిగినప్పుడు ఆ దిండుతో పనేముంది?

మా ఇంటి ఎంపిక ఎలా తేలింది

మొదటి కారు చిన్న ఎస్‌యూవీ, సన్‌రూఫ్ ఉన్న టాప్ వేరియంట్, గేరు బండి. సీటు పూర్తిగా దించినా అన్నయ్య తలకీ కప్పుకీ మధ్య రెండు వేళ్లే పట్టాయి. వదిన క్లచ్ నేలకి తొక్కేసరికి స్కేలు మీద 21 సెంటీమీటర్లు. స్టీరింగు టిల్ట్ ఒక్కటే. 'ఇంకొంచెం వెనక్కి జరగండి మేడం, అలవాటైపోద్ది' అన్నాడు సేల్స్ అబ్బాయి. వెనక్కి జరిగితే కొనవేళ్లతో క్లచ్ తొక్కాలి. ఆ కారు ఇద్దరికీ కాలేదు.

రెండోది నిటారుగా ఉండే చిన్న హ్యాచ్‌బ్యాక్. శాంత్రో, వ్యాగన్ఆర్ మనకి 1990ల చివర్లో అలవాటు చేసిన ఆకారం. కప్పు ఎత్తు బ్రహ్మాండం, అన్నయ్య తల మీద పిడికిలి దాటి చోటు. బానెట్ పొట్టిది, బకెట్ త్వరగానే కనిపించింది. కానీ ఆ వేరియంట్‌లో సీటు లేవదు. వదిన కళ్లు చక్రం అంచుకి మూడు సెంటీమీటర్లే పైన. అన్నయ్య మోకాలు స్టీరింగుకి తగులుతూనే ఉంది. ఇంట్లో పొడగరి ఒక్కడే నడిపేవాడైతే, సీటు పట్టాలు ఇంకాస్త వెనక్కి పోయే కారైతే, ఈ ఆకారం వైపే మొగ్గమనేవాణ్ణి.

మూడోది మామూలు ఎత్తు హ్యాచ్‌బ్యాక్, ఏఎమ్‌టీ. టాప్ కన్నా ఒక మెట్టు కింది వేరియంట్లో సీటు ఎత్తు మీట, టిల్ట్, టెలిస్కోపిక్ మూడూ ఉన్నాయి. షోరూంలో ఆ వేరియంట్ లేదు. టాప్ దాంట్లో కూర్చోబెట్టి 'అదీ ఇదీ ఒకటే సార్' అన్నారు. మేం ఆగాం. ఇంకెవరికో డెలివరీకి వచ్చిన అదే వేరియంట్ యార్డులో నిలబెట్టి ఉంటే, ప్లాస్టిక్ తొడుగులతోనే అందులో కూర్చుని చూశాం. వదినకి సీటు పైకి, చక్రం కిందకీ లోపలికీ పెట్టాక ఛాతీ దూరం 27 సెంటీమీటర్లు, కళ్లు అంచుకి 8 సెంటీమీటర్ల పైన. అన్నయ్యకి సీటు దించి, చక్రం బయటికి లాగాక మణికట్టు అంచు మీద వాలింది, తల మీద నాలుగు వేళ్లు పట్టాయి. లోటు లేకపోలేదు: అన్నయ్య సీటు వెనక ఎవరూ సుఖంగా కూర్చోలేరు. పిల్లవాణ్ణి ఎడమ పక్కకి పంపి అది ఒప్పుకున్నారు.

టెస్ట్ డ్రైవ్ ఏ దారిలో, ఏ వేళలో

షోరూం ముందున్న హైవే మీద ఒక చక్కర్ కొట్టిస్తే పొట్టి, పొడుగు సమస్యలేవీ బయటపడవు. ఊళ్లోకి తీసుకెళ్లమనండి: విజయనగరంలో మూడు లాంతర్ల ప్రాంతం, గంటస్తంభం సందులు, శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్. ఒక యూ టర్న్, సందులో రివర్స్, ఎత్తు మీద ఆపి కదలడం, ఒక గట్టి బ్రేకు. మలుపులో వీపు సీటుని వదిలిందా అని మాత్రం గమనించండి. అద్దాల్ని కూర్చోగానే సర్దుకోవాలి. బయటి అద్దాన్ని మీ కంటికి తగ్గట్టు పూర్తిగా తిప్పుకోలేకపోతే అదీ ఒక కారణమే వద్దనడానికి.

వేళ కూడా ముఖ్యం. శ్రీకాకుళం విజయనగరానికి దాదాపు తూర్పున, కాస్త ఉత్తరంగా ఉంటుంది. విజయనగరంలో ఉండి నాతవలస మీదుగా జాతీయరహదారి ఎక్కి రణస్థలం, ఎచ్చెర్ల వైపు ఉద్యోగానికి పోయేవాళ్లకి పొద్దున ఎండ ముఖం మీద, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడూ ముఖం మీదే. ఎండ రెప్ప పొట్టివాళ్లకి చాలనంత పైన ఆగిపోతుంది, సూర్యుడు దాని కింద నుంచి కళ్లలో పడతాడు. పొడగరికి అదే రెప్ప దించితే రోడ్డు సగం మాయం. రెప్ప రాడ్ మీద పక్కకి జరుగుతుందా, ఎంత కిందకి వస్తుంది అన్నది పొద్దున ఏడుకో సాయంత్రం ఐదుకో చూస్తేనే తెలుస్తుంది. మధ్యాహ్నం పన్నెండుకి టెస్ట్ డ్రైవ్ ఇస్తామంటే వద్దని చెప్పండి.

పాత కారు కొనేవాళ్లకి రెండు సూచనలు. డ్రైవరు ఎయిర్‌బ్యాగు మన దేశంలో 2019 జులై 1 నుంచి తప్పనిసరి అయింది; అంతకు ముందువాటిలో ఉండొచ్చు, ఉండకపోవచ్చు. బ్యాగు లేకపోయినా చక్రానికి దగ్గరగా కూర్చోవడం మంచిది కాదు. టెలిస్కోపిక్ కావాల్సినవాళ్లు ఫోక్స్‌వ్యాగన్ పోలో లాంటివి చూడొచ్చు, అందులో కింది వేరియంట్ల నుంచే అది ఇచ్చారు. పాత ఆల్టో 800 లాంటి వాటిలో చక్రం అసలు కదలదు. పాత సీట్లలో స్పాంజి అణిగి, రాసుకున్న కొలతల కన్నా కళ్లు కిందకి దిగుతాయి కూడా.

ఏ కారూ సరిపోనప్పుడు

నాలుగున్నర అడుగుల కన్నా బాగా తక్కువ ఎత్తున్నవారికి ఏ వేరియంటూ సరిపోకపోవచ్చు. అంతటితో తలుపు మూసుకోదు. హైదరాబాద్‌లో ఉంటున్న గట్టిపల్లి శివపాల్ గారు సుమారు మూడడుగుల ఎత్తు. కారుని తనకి తగ్గట్టు మార్పించుకుని, పెడళ్లు పైకి తెప్పించుకుని, ఎత్తు కారణంగా మొదట అడ్డు చెప్పిన రవాణా శాఖని ఒప్పించి, అధికారి పక్కన కూర్చోగా పరీక్ష నెగ్గి లైసెన్సు పొందారు. దేశంలో మరుగుజ్జుల్లో డ్రైవింగ్ లైసెన్సు పొందిన మొదటి వ్యక్తిగా 2021లో ఆయన పేరు వార్తల్లోకి వచ్చింది. మోటారు వాహనాల చట్టంలో లైసెన్సుకి కనీస వయసు రాసి ఉంది గానీ కనీస ఎత్తు రాసి లేదు. శరీరానికి తగ్గట్టు మార్చిన వాహనం నడపడానికి అర్హత ఉందని అధికారి తృప్తి పడితే లైసెన్సు ఇవ్వడానికీ అందులో వీలుంది.

అయితే పెడల్ ఎత్తించే పని వెల్డింగ్ షాపులో చేయించకండి. పెడల్ మీద బిగించిన దిమ్మ వదులైతే బ్రేకు వేసేటప్పుడు పక్కకి తిరిగిపోతుంది, లేదా యాక్సిలరేటర్ కిందకి చిక్కుకుంటుంది. మార్పుకి ముందే జిల్లా రవాణా కార్యాలయంలో అనుమతి అడిగి, చేయించాక ఆర్సీలో ఎక్కించుకుని, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి. లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా డబ్బు దగ్గర పేచీ వస్తుంది. మార్పించే ముందే, మార్చిన కారుకి కంపెనీ వారంటీ వర్తిస్తుందా అని కూడా షోరూంలో అడిగి రాయించుకోండి.

మామూలు కారు కొన్నవాళ్లు చెయ్యాల్సింది డెలివరీకి ముందు ఒకటే. కొటేషన్ మీద వేరియంట్ పేరు పూర్తిగా రాయించుకుని, కారు యార్డుకి రాగానే, రిజిస్ట్రేషన్‌కి పంపకముందే వెళ్లి స్టీరింగు లాగి చూడండి, సీటు లేపి చూడండి. నంబరు పడ్డాక వేరియంట్ మార్చమంటే ఎవరూ మార్చరు. ఇద్దరు నడిపే ఇల్లైతే, సీటు పట్టాల పక్కన ఎవరి చోటు దగ్గర వాళ్లకి చిన్న రంగు చుక్క పెట్టుకోండి. ఎత్తు మీటని అట్టడుగు నుంచి ఎన్నిసార్లు లాగాలో ఒక చీటీ మీద రాసి గ్లవ్‌బాక్స్‌లో ఉంచండి. వదినకి ఏడు, అన్నయ్యకి సున్నా.